లీవ్ అండ్ లైసెన్స్

ముంబైలోనో పుణేలోనో ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగువాళ్ళను అడిగితే, తాము సంతకం చేసిన కాగితం పేరు చాలామంది ‘లివ్ అండ్ లైసెన్స్’ అని చెబుతారు. బ్రోకర్లూ అలాగే పలుకుతారు. కొన్ని కాగితాల మీద అచ్చు కూడా అలాగే పడి ఉంటుంది. లివ్ అంటే నివసించడం, ఇల్లు నివసించడానికే కాబట్టి ఆ పలుకుబడి సహజంగానే అనిపిస్తుంది. కానీ కాగితం మీద ఉండవలసిన మాట లీవ్. ఆ మాటలో నివాసం లేదు. ఇంట్లో ఉన్న మనిషికి చట్టం దగ్గర ఎంత బలం ఉందో తెలియాలంటే ముందు ఈ మాటనే విప్పిచూడాలి.

ఇంగ్లీషులో లీవ్ అనే రూపంతో వేరువేరు పుట్టుకలున్న రెండు మాటలున్నాయి. ఒకటి వెళ్ళిపోవడం, వదిలిపెట్టడం అనే క్రియ. రెండోది అనుమతి అనే అర్థం ఉన్న పాత నామవాచకం. ఉద్యోగి పెట్టుకునే లీవు ఈ రెండోదే: పనికి రాకుండా ఉండడానికి పై అధికారి ఇచ్చిన అనుమతి. ఇంటి కాగితంలో ఉన్నదీ ఇదే. తెలుగువాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు, ఎందుకంటే మన ‘సెలవు’ కూడా ఇలాంటి మాటే. బడికి సెలవు, పెద్దలు సెలవిచ్చారు, ఇక సెలవు తీసుకుంటాను అని మూడు చోట్ల మూడు రకాలుగా వాడతాం. మూడింటి అడుగునా ఉన్నది పెద్దవాళ్ళ మాట, వాళ్ళ అనుమతి. ఇంటి యజమాని ఇచ్చే లీవ్ అర్థం ‘ఉండడానికి సెలవు’ అని.

లైసెన్స్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దానికీ అర్థం అనుమతే. అంటే లీవ్ అండ్ లైసెన్స్ అన్నప్పుడు ఒకే సంగతిని రెండు భాషల్లో రెండుసార్లు చెప్పినట్టు. ఇంగ్లాండులో ఫ్రెంచి, ఇంగ్లీషు కలిసి నడిచిన కాలంలో న్యాయవాదులకు ఈ జంట మాటల అలవాటు బలంగా పాతుకుపోయింది. ఈ జంట మాత్రం ఒక ప్రత్యేకమైన చోట వాడుకలో ఉండేది. ఫలానావాడు నా భూమిలో అక్రమంగా ప్రవేశించాడని ఒకరు దావా వేస్తే, ప్రతివాది తన జవాబులో ‘వాది ఇచ్చిన లీవ్ అండ్ లైసెన్స్‌తోనే ప్రవేశించాను’ అని రాసుకునేవాడు. ఆ భూమి మీద తనకు హక్కుందని అతను అనడం లేదు. అక్రమం అన్న నింద తనకు అంటకుండా యజమాని అనుమతిని అడ్డం పెట్టుకుంటున్నాడు.

1673లో థామస్ వర్సెస్ సారెల్ కేసులో ఇంగ్లాండు న్యాయమూర్తి వాన్ ఈ సంగతిని స్పష్టంగా చెప్పాడు. లైసెన్స్ వల్ల ఆస్తిలో ఏ హక్కూ చేతులు మారదనీ, అనుమతి లేకపోతే తప్పయ్యే పనిని తప్పు కాకుండా చేయడమే అది చేసే పని అనీ ఆయన వివరణ. రెండు వందల ఏళ్ళ తర్వాత మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షన్ దాదాపు ఇదే రూపంలో లైసెన్స్‌ను నిర్వచించింది. ఒకరి స్థిరాస్తిలో, ఆ అనుమతి లేకపోతే చట్టవిరుద్ధమయ్యే పనిని చేయడానికి ఇచ్చిన హక్కే లైసెన్స్, అది ఆస్తిలో హితం కిందికి రాదు. ఫ్లాటుకు నెలనెలా డబ్బు కట్టి, పిల్లల్ని బడికి పంపుతూ, గోడకు మేకు కొట్టుకుంటూ బతికే కుటుంబం ఈ నిర్వచనం కిందికి వచ్చేసరికి ఎలా కనిపిస్తుందో చూడండి. యజమాని మన్నించాడు కాబట్టి అక్రమ ప్రవేశకులు కాకుండా పోయినవాళ్ళుగా కనిపిస్తుంది.

లీజు దారి వేరు. అది లాటిన్‌లో వదులు చేయడం, పట్టు సడలించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. యజమాని తన పట్టును కొంతకాలం సడలిస్తాడు, అవతలివాడు పట్టుకుంటాడు. టెనెంట్ అనే మాటకు ధాత్వర్థం కూడా పట్టుకున్నవాడు అనే. అదే ఏడాది, 1882లోనే వచ్చిన ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ లీజును హక్కు బదిలీగా నిర్వచించింది. డబ్బు ఇచ్చి, లేదా ఇస్తానని ఒప్పుకుని, కొంతకాలం ఆస్తిని అనుభవించే హక్కును యజమాని నుంచి పుచ్చుకోవడం లీజు. ఒక దాంట్లో హక్కు చేతులు మారుతుంది, రెండోదాంట్లో మారదు. రెండింట్లోనూ నెలకు కట్టే డబ్బు ఒకటే కావచ్చు, తాళంచెవి ఒకటే కావచ్చు.

మన మాటలు ఈ తేడాను పట్టించుకోవు. కోస్తాలో అద్దె, రాయలసీమలో బాడుగ, తెలంగాణలో కిరాయి అంటాం. బాడుగ సంస్కృత భాటకానికి, మరాఠీ భాడేకు చుట్టం. కిరాయి అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఏ దారిన వచ్చినా మూడూ చెప్పేది డబ్బు గురించే. అద్దెకున్నాం అంటే డబ్బు కట్టి ఉంటున్నాం అని అర్థం, అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు. చట్టం అడిగే ప్రశ్న మరొకటి: డబ్బుకు బదులుగా నీ చేతికి వచ్చిందేమిటి, హక్కా, అనుమతా? ఈ ప్రశ్నకు జవాబు మన వాడుక మాటలో లేదు కాబట్టే, కిరాయికి ఉన్నాననుకున్న మనిషి ముంబైలో కిరాయిదారు కాకుండా పోవడం మనకు వింతగా ఉంటుంది.

ముంబైలోనే ఈ జంట మాట ఇంతగా ఎందుకు పాతుకుపోయిందో చెప్పాలంటే 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం దగ్గర మొదలుపెట్టాలి. 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెను ప్రమాణంగా పెట్టి, దానికి మించి వసూలు చేయకుండా ఆ చట్టం కట్టడి చేసింది. అద్దె కట్టినంత కాలం చట్టంలో చెప్పిన కారణాలు లేకుండా కిరాయిదారును ఖాళీ చేయించే వీలు లేదు. అతను పోతే కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులకు ఆ హక్కు దక్కుతుంది. కాలం గడిచేకొద్దీ అద్దెలు నామమాత్రమయ్యాయి. పగిడీ అనే పేరుతో మొదట్లోనే పెద్ద మొత్తం పుచ్చుకుని గది ఇచ్చే పద్ధతి బలపడింది. కామాఠీపురా, వర్లీ ప్రాంతాల్లో మిల్లుల్లోనూ కట్టడాల్లోనూ పనిచేసిన తెలుగువాళ్ళలో చాలామంది చాల్ గదుల్లో ఈ రక్షణ కిందే తరాలు గడిపారు. కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం ప్రాంతం నుంచి వలసవెళ్ళిన కామాఠీల వల్ల.

ఇల్లు ఇస్తే ఇక తిరిగి రాదని భయపడిన యజమానులు వేరే దారి వెతుక్కున్నారు. చట్టం కాపాడేది కిరాయిదారును కాబట్టి, వచ్చేవాడు కిరాయిదారు కాకపోతే సరిపోతుంది. అక్కడ న్యాయవాదులకు పాత దావాల జవాబుల్లోని జంట మాట అక్కరకొచ్చింది. కాగితం మీద అద్దె బదులు ‘కాంపెన్సేషన్’ అని, కిరాయిదారు బదులు ‘లైసెన్సీ’ అని రాశారు. అవసరమున్న మనిషి సంతకం పెట్టాడు. ఈ ఎత్తు ఎంతగా పెరిగిందంటే, 1973లో మహారాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించి 15ఏ సెక్షన్‌ను చేర్చవలసి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నాటికి అమల్లో ఉన్న లైసెన్స్ కింద ఇంట్లో ఉన్నవాళ్ళందరూ కిరాయిదారులే అని ఆ సెక్షన్ ప్రకటించింది. నిన్నటిదాకా అనుమతితో ఉన్నవాడు ఈరోజు హక్కుతో ఉన్నాడు. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్ళకు ఆ అదృష్టం లేదు. యజమానులు మాత్రం ఇలాంటి సవరణ మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో ఇళ్ళకు తాళాలు వేసుకోవడానికైనా సిద్ధపడ్డారు.

కాగితం మీద పేరు ఏదైనా అసలు సంగతి చూడాలన్న సూత్రాన్ని మన దేశంలో గట్టిగా నిలబెట్టిన న్యాయమూర్తి తెలుగువాడే. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. 1959లో సుప్రీంకోర్టు ముందుకు అసోసియేటెడ్ హోటల్స్ వర్సెస్ కపూర్ కేసు వచ్చింది. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్లో క్లోక్ రూముల చోటును క్షౌరశాల నడుపుకోవడానికి ఏడాదికి 9,600 రూపాయలకు ఇచ్చారు. పత్రంలో లైసెన్స్ అనే రాసుకున్నారు. సుబ్బారావు పత్రంలోని పేరు దగ్గర ఆగలేదు. ఆ పత్రం ఆస్తిలో హితాన్ని కల్పించిందా, లేక చట్టబద్ధమైన స్వాధీనం యజమాని దగ్గరే ఉండి వాడుకోవడానికి మాత్రమే అనుమతించిందా? ఇతరులెవరూ రాకుండా ఆ చోటు పూర్తిగా అవతలివాడి స్వాధీనంలో ఉందా? ఇద్దరూ నిజంగా ఉద్దేశించింది ఏమిటి? ఈ ప్రశ్నలు వేసుకుని అది లీజేనని తేల్చారు. పూర్తి స్వాధీనం ఉన్నంత మాత్రాన ప్రతిసారీ లీజు కాకపోవచ్చు గానీ, పైకి చూడగానే లీజనిపించే గట్టి గుర్తు అదే. ఇంగ్లాండులో 1985లో స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫర్డ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా దాదాపు ఇక్కడికే వచ్చింది. కొంతకాలానికి, అద్దెకు, పూర్తి స్వాధీనం ఇచ్చినప్పుడు పైన లైసెన్స్ అని రాసినా అది టెనెన్సీయేనని చెప్పింది. యజమాని గది ఊడ్పించి, పక్కబట్టలు మార్పించి, తన ఇష్టం వచ్చినప్పుడు లోపలికి వచ్చి సేవలందించే చోట ఉన్నవాణ్ణి మాత్రమే వేరుగా చూసింది.

ఆ చివరి మాట మన ఊళ్ళకూ బాగా పనికొస్తుంది. అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో హాస్టల్లో మంచం తీసుకున్న కుర్రాడు నిజమైన లైసెన్సీకి దగ్గరగా ఉంటాడు. గది తాళం వార్డెన్ దగ్గరా ఉంటుంది, భోజనం వాళ్ళదే, రేపు ఆ మంచం మార్చి ఇంకో గదిలో వేయొచ్చు. అదే వీధిలో రెండు గదుల పోర్షన్ తీసుకుని, తలుపు వేసుకుంటే యజమాని కూడా తట్టి రావలసిన కుటుంబం అలాంటిది కాదు. సుబ్బారావు వేసిన ప్రశ్నలతో చూస్తే ఈ రెండింటినీ వేరు చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మహారాష్ట్రలో పాత చట్టం పోయి 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం 2000 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 24వ సెక్షన్ నివాసం కోసం లైసెన్స్ మీద ఇచ్చిన ఇళ్ళ గురించి చెబుతుంది. లైసెన్స్ గడువు తీరగానే లైసెన్సీ ఇల్లు అప్పగించాలి. అప్పగించకపోతే యజమాని కాంపిటెంట్ అథారిటీ అనే అధికారికి దరఖాస్తు పెట్టుకుంటాడు. గడువు తీరిందని నమ్మకం కుదిరితే ఆ అధికారి ఖాళీ చేయమని ఉత్తర్వు ఇవ్వాల్సిందే. యజమానికి ఇల్లు అవసరమా కాదా, లైసెన్సీ డబ్బు సక్రమంగా కట్టాడా లేదా అన్నవి అక్కడ ప్రశ్నలే కావు. ఆ సెక్షన్ చివర ఉన్న వివరణలో ఒక చిన్న వాక్యం ఉంది. రాతపూర్వకమైన లైసెన్స్ ఒప్పందం, అందులో చెప్పిన సంగతులకు తిరుగులేని సాక్ష్యం అని దాని సారం.

తిరుగులేని సాక్ష్యం అంటే దానికి ఎదురు సాక్ష్యం చెల్లదని. పేరు వదిలి అసలు సంగతి చూడమని 1959లో సుప్రీంకోర్టు చెప్పిన చోట, శాసనసభ పేరునే అసలు సంగతిగా నిలబెట్టింది. ఫ్లాటు పూర్తిగా నీ స్వాధీనంలో ఉందని, యజమాని ఏడాదిగా గడప తొక్కలేదని, నువ్వు నిజానికి కిరాయిదారువేనని చెప్పుకోవడానికి ఆ అధికారి ముందు చోటు లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తాళాలు పడిన ఇళ్ళను మార్కెట్లోకి తెచ్చిన మాట నిజమే అయినా, సంతకం పెట్టేటప్పుడు బేరమాడే శక్తి లేని మనిషి మీద ఆ వాక్యం మోయలేని బరువు పెడుతుంది. అతనికి దొరికేది ఈ నమూనా పత్రం ఒక్కటే. లీజు రాసిమ్మని అడిగితే ఇల్లే దొరకదు.

ఆ నమూనా పత్రాన్ని దగ్గరగా చదివితే ప్రతి పదం ఎంత జాగ్రత్తగా ఏరుకున్నారో తెలుస్తుంది. ఇచ్చేవాడు లైసెన్సర్, పుచ్చుకునేవాడు లైసెన్సీ. ఇల్లు ‘అద్దెకు ఇచ్చారు’ అని ఎక్కడా ఉండదు, ‘వాడుకోవడానికి, ఉండడానికి అనుమతించారు’ అని ఉంటుంది. నెలసరి డబ్బు అద్దె కాదు, లైసెన్స్ ఫీజు లేదా కాంపెన్సేషన్. చట్టబద్ధమైన స్వాధీనం ఎల్లప్పుడూ లైసెన్సర్ దగ్గరే ఉన్నట్టు భావించాలనీ, ఈ పత్రం వల్ల కిరాయి హక్కుగానీ మరే హితంగానీ ఏర్పడదనీ, ముందుగా చెప్పి లైసెన్సర్ ఇంట్లోకి వచ్చి చూసుకోవచ్చనీ క్లాజులుంటాయి. చాలా పత్రాల్లో రెండో తాళంచెవి లైసెన్సర్ దగ్గర ఉంటుందని కూడా రాస్తారు. ఈ వాక్యాలన్నీ సుబ్బారావు వేసిన ప్రశ్నలకు ముందే రాసిపెట్టుకున్న జవాబుల్లా ఉంటాయి. ఇంకొకటి, ఎవరి పేరు మీద ఒప్పందం ఉందో చూసుకోవాలి. ఒప్పందం ప్రకారం లైసెన్సీ కాని మనిషి చెప్పుకునే ఏ హక్కునూ ఆ అధికారి వినకూడదని 24వ సెక్షనే చెబుతుంది. భర్త పేరు మీద మాత్రమే పత్రం ఉండి, అతను వేరే ఊరు వెళ్ళిపోతే, ఇంట్లో ఉన్న భార్య మాటకు అక్కడ విలువ ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఠాణేలో ఒక తెలుగు కుటుంబం 24 నెలల లైసెన్స్ మీద ఫ్లాటు తీసుకుంది అనుకుందాం. నెలకు 28,000 రూపాయలు, డిపాజిట్ లక్ష. గడువు మే 31తో తీరింది. కొనుక్కున్న సొంత ఇల్లు బిల్డర్ ఇంకా అప్పగించలేదు, బడులు తెరిచే వేళ కాబట్టి మారడానికి మనసొప్పలేదు. ఇంకొన్నాళ్ళు ఉంటామని యజమానికి చెప్పి, పాత లెక్క ప్రకారమే ప్రతి నెలా 28,000 ఆన్‌లైన్లో పంపుతూ వచ్చారు. యజమాని ఒప్పుకోలేదు, జూన్‌లోనే దరఖాస్తు పెట్టాడు. సమన్లు వచ్చాయి.

సమన్లు అందిన 30 రోజుల్లోపు లైసెన్సీ అఫిడవిట్ దాఖలు చేసి, తాను ఎందుకు పోరాడదలచుకున్నాడో చెప్పి, పోరాడడానికి అధికారి అనుమతి తెచ్చుకోవాలి. 43వ సెక్షన్‌లో ఆ అనుమతికి వాడిన మాట కూడా లీవే. ఇంట్లో ఉండడానికి ఒక లీవ్, ఆ ఇంటి గురించి నోరు విప్పడానికి మరొక లీవ్. 30 రోజులు దాటినా, అనుమతి దొరక్కపోయినా యజమాని చెప్పిందే ఒప్పుకున్నట్టు లెక్క. మన కుటుంబానికి చెప్పుకోవడానికి బిల్డర్ ఆలస్యం, బడి తప్ప ఏమీ లేవు, అవి ఆ సెక్షన్‌కు పట్టని కారణాలు. ఉత్తర్వు వచ్చి నవంబరు 30న ఖాళీ చేశారనుకుందాం. గడువు దాటాక ఉన్నది ఆరు నెలలు. 24వ సెక్షన్ ప్రకారం ఆ కాలానికి లైసెన్స్ ఫీజుకు రెట్టింపు, అంటే నెలకు 56,000 చొప్పున 3,36,000 రూపాయలు నష్టపరిహారంగా కట్టాలి. వాళ్ళు ఇప్పటికే పంపింది 1,68,000. మిగిలింది ఇంకో 1,68,000. డిపాజిట్ లక్ష మొత్తం జమ వేసుకున్నా 68,000 బాకీ పడ్డారు.

ఇదే ఫ్లాటు అదే చట్టం కింద కిరాయికి ఇచ్చినదైతే కథ వేరుగా నడుస్తుంది. గడువు తీరడం ఒక్కటే ఖాళీ చేయించడానికి కారణం కాదు. అద్దె కడుతున్నంత కాలం 16వ సెక్షన్‌లో చెప్పిన కారణాల్లో ఒకదాన్ని యజమాని కోర్టులో రుజువు చేయాలి, తన నిజమైన సొంత అవసరం వాటిలో ఒకటి. అద్దె బాకీ పడితే కూడా నోటీసు ఇచ్చి 90 రోజులు ఆగాలి. అద్దె పెంపు ఏడాదికి నాలుగు శాతం. యజమాని మధ్యలో ఇల్లు అమ్ముకున్నా, కొన్నవాడికి కిరాయిదారుతో సహా ఇల్లు వస్తుంది. లైసెన్స్‌కు ఆ బలం లేదు. కొన్నవాడు ఆ లైసెన్స్‌కు కట్టుబడనక్కర్లేదని ఈజ్‌మెంట్ల చట్టం 59వ సెక్షన్ చెబుతుంది. 60వ సెక్షన్ ప్రకారం, శాశ్వతమైన కట్టడం లాంటిది ఏదో చేసి ఖర్చు పెట్టుకుంటే తప్ప, ఇచ్చినవాడు లైసెన్స్‌ను వెనక్కి తీసుకోవచ్చు. అనుమతి అంటే అంతే మరి, ఇచ్చినవాడి నోటిలోనే దాని ఆయుష్షు ఉంటుంది.

హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఇది మనకు పట్టని గొడవ అనుకుంటారు. మన దగ్గర అగ్రిమెంటు మీద రెంటల్ అనే ఉంటుంది, అందులోని సంగతి లీజే. కానీ లీజయినంత మాత్రాన రక్షణ దొరుకుతుందనీ అనుకోకూడదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టాన్ని 2005లో సవరించాక, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇంటి అద్దెలకు ఆ చట్టం వర్తించకుండా పోయింది. ఈ రోజుల్లో నగరంలో ఆ లోపు అద్దెకు ఇల్లెక్కడ? మిగిలినవాళ్ళకు ఆస్తి బదిలీ చట్టమే దిక్కు: నెలసరి లీజును పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు, ఆ తర్వాత కోర్టుకు వెళ్ళి ఖాళీ చేయించాలి. హైదరాబాదు కిరాయిదారుకు ఉన్న అసలు బలం ఆ చివరి మెట్టు, యజమాని మామూలు సివిల్ కోర్టుకు వెళ్ళవలసి రావడం. ఠాణే లైసెన్సీకి తగ్గింది సరిగ్గా అదే. మన అగ్రిమెంట్లలో కనిపించే పదకొండు నెలల గడువు కూడా ఇక్కడ చెప్పాలి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఒక నెల తగ్గించి రాసుకునే అలవాటు అది. మహారాష్ట్రలో ఆ అలవాటు పనిచేయదు. 1999 చట్టం 55వ సెక్షన్ ప్రకారం పదకొండు నెలల లైసెన్స్‌నైనా రాసుకుని రిజిస్టరు చేయించాల్సిందే.

లైసెన్స్ అనే మాటను తెలుగు నేల మీద మరోచోట చూశాం, అది ఇళ్ళల్లో కాదు, పొలాల్లో. కౌలుకు మూలం అరబ్బీలో మాట, వాగ్దానం అనే అర్థం ఉన్న పదం. కౌలుదారుకు హక్కులు వస్తాయన్న భయంతో భూయజమానులు కాగితం రాయరు. కాగితం లేక కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఇవ్వదు. ఈ ముడి విప్పడానికి 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం కౌలుదారు అనే మాటనే తప్పించి అతన్ని లైసెన్స్‌డ్ కల్టివేటర్ అని పిలిచింది, చేతికి రుణ అర్హత కార్డు ఇచ్చింది. ఎత్తు బొంబాయిదే, ఉద్దేశం మాత్రం వేరు. బొంబాయిలో ఆ మాట ఉన్న రక్షణను తీసేయడానికి వచ్చింది. ఇక్కడ యజమాని భయం తగ్గించి రైతుకు ఎంతో కొంత దక్కేలా చేయడానికి వచ్చింది. అయినా ఆ పేరు ఒప్పుకున్న సంగతి ఒకటే: ఈ మనిషికి భూమిలో హితం ఏమీ లేదు.

లైసెన్సీకి మిగిలేది బొత్తిగా శూన్యమని కూడా చెప్పలేం. యజమాని తనంతట తాను వచ్చి తాళం మార్చి సామాను బయట పడేయడానికి వీల్లేదు. బొంబాయిలో లైసెన్స్ మీద నడిచిన ఒక రెస్టారెంటు విషయమై 1989లో సుప్రీంకోర్టు, స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషికి అక్కడ ఉండే హక్కు లేకపోయినా సరే, అతన్ని చట్టం దారిలోనే బయటికి పంపాలని చెప్పింది. ఆ కృష్ణారామ్ మహాలే తీర్పును యజమాని బెదిరింపులకు దిగిన రోజు న్యాయవాది దగ్గర గుర్తు చేయవచ్చు. బలవంతంగా తోసేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి స్వాధీనం తిరిగి అడగవచ్చు, అక్కడ హక్కు ఎవరిదన్న ప్రశ్న రాదు. డబ్బు తీసుకుని ఇచ్చిన లైసెన్స్‌ను, లైసెన్సీ తప్పేమీ లేకుండా గడువుకు ముందే రద్దు చేసి పంపేస్తే పరిహారం అడిగే హక్కు ఈజ్‌మెంట్ల చట్టం 64వ సెక్షన్‌లో ఉంది. అయితే అది డబ్బుకే, ఇంటికి కాదు.

అన్నిటికన్నా పనికొచ్చేది 55వ సెక్షన్. ఒప్పందాన్ని రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిదని అది స్పష్టంగా చెబుతుంది. చేయించకపోతే జైలు, జరిమానా కూడా ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, రిజిస్టరైన రాత లేనప్పుడు షరతుల గురించి ఇంట్లో ఉన్నవాడు చెప్పిందే, వేరుగా రుజువయ్యేదాకా నిలబడుతుంది. బ్రోకరు స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర చాలు అంటే అది సరిపోదు. రిజిస్ట్రేషన్ జరిగితే ఇద్దరి వేలిముద్రలు, ఫోటోలు తీసుకుంటారు, ఆన్‌లైన్లో డాక్యుమెంటు నంబరు వస్తుంది. ఆ నంబరు లేకపోతే జరగలేదనే అర్థం.

రిజిస్టరైన పత్రం చేతికొచ్చాక మొదట చూడవలసింది ఫీజు అంకె కాదు, గడువు తీరే తేదీ. ఆ తర్వాత చూడవలసినవి లాకిన్ ఎన్ని నెలలు, ఎవరికి వర్తిస్తుంది, ముందే వెళ్ళాలంటే ఎన్నాళ్ళ నోటీసు, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అన్న క్లాజులు. లాకిన్ లైసెన్సీని మాత్రమే కట్టేసి, యజమానిని వదిలేసిన పత్రాలు చాలా ఉంటాయి. అది ఇద్దరికీ వర్తించేలా రాయించుకోవడం సంతకానికి ముందే సాధ్యం. ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి పేర్లూ లైసెన్సీలుగా రాయించాలి. ఇంకా ఉండాలనుకుంటే గడువుకు రెండు నెలల ముందే యజమానితో మాట్లాడి కొత్త ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించాలి. ‘ఉండండి, తర్వాత చూద్దాం’ అని యజమాని నోటితో అన్నా, వాట్సాప్‌లో రాసినా దాని మీద ఆధారపడకూడదు. అది మళ్ళీ సెలవే అవుతుంది, రేపు వెనక్కి తీసుకుంటే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.